ఫైర్ డోర్‌కి ఇటుకా, అయస్కాంతమా?

విజయనగరంలో ఓ మూడంతస్తుల నర్సింగ్‌హోమ్ అనుకోండి. మంటను, పొగను ఆపడానికి మెట్ల దగ్గర పెట్టిన ఫైర్ డోర్ స్ట్రెచర్‌కి అడ్డమని, ఎండాకాలం గాలి రాదని, అది తెరిచే ఉండేలా ఎవరో ఇటుక పెడతారు. పైసా ఖర్చు లేదు. కానీ కింద మంట లేచినప్పుడు ఆ ఇటుక తీసే తీరిక ఎవరికుంటుంది? వేడి పొగ మెట్లదారిని పొగగొట్టంలా వాడుకుని పై వార్డులకు ఎక్కుతుంది. రోగులు దిగాల్సిందీ ఆ దారినే. తలుపు అంచున ఉండే పట్టీ సుమారు 200 డిగ్రీల వేడికి ఉబ్బి సందు మూస్తుంది, అదీ తలుపు చట్రంలో కూర్చుని ఉంటేనే. తెరిచి ఉన్న తలుపుకి రెండు గంటలు మంటను ఆపే రేటింగ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అయస్కాంత హోల్డర్ కూడా తలుపును తెరిచే ఉంచుతుంది. అయితే ఫైర్ అలారం మోగినా, హోల్డర్‌కి కరెంటు ఆగినా పట్టు వదిలేస్తుంది. డోర్ క్లోజర్ తలుపును లాగి మూస్తుంది. కరెంటు పోయినప్పుడల్లా మూసుకుంటోందని విసుక్కుని సిబ్బంది మళ్లీ ఇటుక తెస్తారు, అసలు చిక్కు అక్కడే. బ్యాటరీ సప్లై ఇస్తే ఆ బాధ తగ్గుతుంది, కాకపోతే అలారం మోగగానే ఆ సప్లై కూడా తెగేలా వైరింగ్ ఉండాలి.

వారానికోసారి అలారం పరీక్షించి చూడండి. తలుపు దానంతటదే వచ్చి లాచ్ పడాలి. అంగుళం దూరంలో ఆగిపోతే నేలకి రాసుకుంటోందేమో చూసి, ఆపైన క్లోజర్‌లో చివరి వేగం స్క్రూ సవరించాలి.