నాలుగేళ్లు బాగా నడిచిన కార్డు, ఫ్యాన్ మాత్రం చేతులెత్తేసింది

ఈ రెండు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డును నాలుగేళ్లకు పైగా వాడుతున్నాను. స్పీడ్ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. విసిగించింది ఫ్యానే. ఈ మధ్య గేమ్ మొదలైన కాసేపటికే టెంపరేచర్ 84 డిగ్రీలకు చేరి, క్లాక్ స్పీడ్ పడిపోయి, ఫ్రేములు తగ్గిపోయేవి. సైడ్ ప్యానెల్ తీసి చూస్తే ఒక ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది, రెండోది కదలట్లేదు.

గేమ్ లేనప్పుడు రెండూ ఆగి ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, చాలా కార్డుల్లో సుమారు 50-60 డిగ్రీలు దాటేదాకా ఫ్యాన్లు తిరగకుండా కావాలనే పెడతారు. లోడ్ మీద కూడా ఆగి ఉంటేనే ఆలోచించాలి.

అందరూ ముందు పవర్ కేబుల్ చూడమంటారు. చూశాను, 8 పిన్ కనెక్టర్ క్లిప్ పడే ఉంది. అయినా ఒక ఫ్యాన్ తిరుగుతూ ఇంకోటి ఆగిందంటే ఆ కేబుల్ మీద నాకు పెద్దగా అనుమానం రాదు, ఎందుకంటే రెండింటికీ కరెంటు కార్డు బోర్డు నుంచే వెళ్తుంది. అంతకంటే ఫ్యాన్ వైరు బోర్డుకు దిగే చిన్న ప్లగ్గు వదులైందా, ఏదైనా వైరు రెక్కలకు తగులుతోందా అన్నది చూడటం మేలు.

తర్వాత MSI Afterburner అనే సాఫ్ట్‌వేర్‌లో, టెంపరేచర్‌ను బట్టి స్పీడ్ మార్చే ఫ్యాన్ కర్వ్‌ను పక్కనపెట్టి స్పీడ్‌ను 40 శాతానికి కట్టేశాను. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: ఆ శాతం మనం ఇచ్చిన ఆర్డరే తప్ప ఫ్యాన్ నిజంగా తిరుగుతున్న వేగం కాదు, ఫ్యాన్ బిగుసుకుపోయినా 40 అనే చూపిస్తుంది. నమ్మాల్సింది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే RPM ని. నా కార్డు రెండు ఫ్యాన్లకూ విడివిడిగా చూపిస్తుంది కాబట్టి రెండోదానికి 0 అని తెలిసింది, ఒకే రీడింగ్ ఇచ్చే కార్డులైతే కళ్లతో చూడాల్సిందే.

40లో కదలని ఆ ఫ్యాన్ 100 పెట్టగానే ఒకసారి వణికి, గరగరమంటూ అందుకుంది. మళ్లీ 40కి దించినా తిరుగుతూనే ఉంది! అంటే కరెంటు అందుతోంది, మోటారు బతికే ఉంది, కానీ ఆగిన చోటు నుంచి కదలడానికి బలం చాలట్లేదు, అది బేరింగ్‌లో నూనె ఎండిపోయిన లక్షణం. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, వేలితో తిప్పితే మంచి ఫ్యాన్ కొన్ని చుట్లు తిరిగి నిదానంగా ఆగింది, ఇది మాత్రం వేలు తీయగానే ఆగింది, పైగా పక్కకి ఊగుతోంది కూడా. కర్వ్ పెంచుకుని కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ అరిగిన బేరింగ్ బాగుపడదు. చుక్క నూనె వేసినా ఊగడం పోదు.

ఫ్యాన్ మార్చాను. మధ్య భాగం స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్, వోల్టేజ్, ప్లగ్గు పిన్నులు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, అన్నీ కలిసే ఫ్యానే వెతకాలి, రెక్కల సైజు ఒక్కటే చూస్తే బిగదు. ఇప్పుడు అదే గేమ్‌లో 72 దాటట్లేదు.

నేను మార్కులు తగ్గించేది ఇందుకే: ఈ మోడల్‌లో ఫ్యాన్ స్క్రూలు అందాలంటే హీట్‌సింక్ మొత్తం విప్పాలి, అంటే థర్మల్ పేస్ట్ మళ్లీ పూయాలి, ప్యాడ్‌లు చిరగకుండా చూసుకోవాలి. పైనుంచే ఫ్యాన్ ఊడదీసే కార్డులు ఉన్నాయి, ఈసారి కొంటే అలాంటిదే కొంటాను.