లెమన్ కర్డ్: వెన్నను ముందే కలిపే పద్ధతి, కొన్నేళ్లు వాడాక

లెమన్ కర్డ్ అంటే గుడ్లు, పంచదార, నిమ్మరసం, వెన్న. ఇంతే. మామూలుగా ఏం చెబుతారంటే, మరిగే నీళ్ల మీద ఇంకో గిన్నె పెట్టి, గుడ్లు, పంచదార, రసం కలిపి చిక్కబడేదాకా తిప్పాలి, చివర్లో వెన్న వేయాలి. నేను కొన్నేళ్లుగా వాడుతున్నది ఇంకో పద్ధతి. ఇందులో వెన్న మొదటే పడుతుంది, గిన్నె నేరుగా పొయ్యెక్కుతుంది. గుడ్డు పొరటు అయిపోతుందన్న భయం దీంతో చాలావరకు పోయింది.

ఉప్పు లేని వెన్న 85 గ్రాములు మెత్తబడ్డాక 200 గ్రాముల పంచదారతో గిలక్కొడతాను. మన పంచదార పలుకులు పెద్దవి, మిక్సీలో ఒకసారి తిప్పుకుంటే త్వరగా కలుస్తుంది. తర్వాత రెండు గుడ్లు, మరో రెండు పచ్చసొనలు ఒక్కొక్కటిగా వేసి కలిపి, చివరికి 160 మిల్లీలీటర్ల రసం పోస్తాను. పెద్ద పసుపు లెమన్‌కి ఈ కొలత సరిపోతుంది. మన చిన్న నిమ్మకాయల పులుపు ఘాటు, అందుకే వాటి రసం 130 తీసుకుని మిగతాది నీళ్లతో నింపుతాను. తొక్క తురిమితే పైపై రంగు వరకే. లోపలి తెలుపు తగిలితే చేదు.

రసం పోయగానే మిశ్రమం విరిగిన పాలలా ముక్కలుగా కనిపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, విరిగింది గుడ్డు కాదు, గడ్డకట్టిన వెన్న. మందపాటి స్టీలు గిన్నెలో సన్న మంట మీద పెట్టి తిప్పుతుంటే వెన్న కరిగి అంతా నున్నగా, పల్చగా అవుతుంది. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు, పులుపుకి లోహం రుచి దిగుతుంది.

ఈ క్రమం ఎందుకు పనిచేస్తుందంటే, గుడ్డుకి వేడి తగిలేసరికే దాని చుట్టూ వెన్న, పంచదార సర్దుకుని ఉంటాయి. గుడ్డులోని ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టడానికి అంత సులువుగా వీలు దొరకదు. ఉత్త పచ్చసొన 65–70 డిగ్రీల సెల్సియస్‌కే గట్టిపడుతుంది, పంచదార వల్ల ఇక్కడ ఆ హద్దు ఇంకాస్త పైకి జరుగుతుంది. నేను థర్మామీటర్‌లో 77 చూడగానే దించేస్తాను. కార్న్‌ఫ్లోర్ వేసిన కస్టర్డ్ ఒక పొంగు వచ్చినా తట్టుకుంటుంది. ఇందులో పిండి లేదు, మరిగితే పలుకులే.

థర్మామీటర్ లేకపోతే పైనున్న నురగను గమనించండి. అది తగ్గి, మెరుపు వచ్చి, సన్నగా ఆవిరి లేస్తుంటే దగ్గరపడినట్టే. గరిటె వెనక వేలితో గీస్తే గీత పూడిపోకుండా నిలవాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీదే జామ్‌లా కావాలని చూడకూడదు. తేడా మొదలయ్యేది గిన్నె అంచులోనే, విస్కర్ అందని మూలలో తెల్లటి పోగులుగా. అందుకే సిలికాన్ గరిటె వాడతాను. దించగానే వేరే గిన్నెలోకి వడకట్టేయాలి, లేదంటే వేడి గిన్నెలో ఉడుకుతూనే ఉంటుంది. నాలుగు పోగులుంటే జల్లెడలో ఆగిపోతాయి. మొత్తం పలుకులైతే మిక్సీ దాన్ని నున్నగా చేస్తుందేమోగానీ నీచు వాసన పోదు. తురుము వడకట్టాకే వేస్తాను.

ఒక లోపం చెప్పాలి. కొన్ని స్టవ్‌ల మీద చిన్న బర్నర్ సిమ్‌లో పెట్టినా మంట ఎక్కువే. అలాంటి వాళ్లకి నీళ్ల గిన్నె పద్ధతే నయం, కాస్త ఆలస్యమైనా సరే. మన గుడ్ల పచ్చసొన చాలాసార్లు లేత రంగుదే, కర్డ్ కూడా పాలిపోయి ఉంటుంది. చిటికెడు పసుపు వేయమంటారు కొందరు. నేనైతే వేయను, ఆ వాసన నిమ్మని మింగేస్తుంది.

ఇక టార్ట్. ఈ కొలతతో వచ్చే కర్డ్ తొమ్మిదంగుళాల టిన్నుకి సరిపోతుంది, పొర మరీ మందంగా రాదు. కర్డ్‌ని పోసి ఫ్రిజ్‌లో పెడితే రొట్టె మీద రాసుకునే మెత్తదనమే ఉంటుంది. మన ఎండాకాలంలో కోసిన ముక్క ప్లేట్లో జారిపోతుంది. అందుకే పూర్తిగా కాల్చిన పిండి షెల్‌లో పోసి, 160 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచుతాను. అంచు నిలబడి, మధ్యలో కొంచెం ఊగుతుండగానే తీసేయాలి. పైన బుడగలు లేచాయంటే ఎక్కువైనట్టే. షెల్ మెత్తబడకుండా, కర్డ్ పోసే ముందు, షెల్ ఇంకా వేడిగా ఉన్నప్పుడే లోపల తెల్లసొన పల్చగా పూసి రెండు నిమిషాలు మళ్లీ ఓవెన్‌లో పెడతాను. పచ్చసొనలు తీయగా మిగిలిన తెల్లసొన ఎలాగూ ఉంటుంది. పూసినా సరే, టార్ట్‌ని అదే రోజు తినేయడం మంచిది, మర్నాటికి అడుగు కరకరలాడదు. సీసాలో పెట్టిన కర్డ్ మాత్రం ఫ్రిజ్‌లో వారం దాకా బాగానే ఉంటుంది.