నాన్న నుంచి వచ్చిన పొలం, జీతంతో కొన్న ప్లాటు: వీలునామా లేకపోతే ఎవరికి?

ఊహకు ఒక టీచరమ్మను తీసుకుందాం. భర్త లేడు, పిల్లలు లేరు. నాన్న పోయాక వాటాగా వచ్చిన పొలం చంద్రగిరి దగ్గర ఉంది, జీతంతో కొన్న ప్లాటు తిరుపతిలో ఉంది. వీలునామా రాయకుండా ఆమె పోయింది. అమ్మ, ఒక తమ్ముడు ఉన్నారు. అటు మరిది ఉన్నాడు.

పిల్లలుంటే రెండూ వాళ్లకే వెళ్లేవి, భర్త బతికుంటే ఆయనకూ సమాన వాటా. పిల్లలు లేనప్పుడే ఆస్తి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వస్తుంది.

పొలం తిరిగి నాన్న వారసులకు పోతుంది. అంటే అమ్మకు సగం, తమ్ముడికి సగం. భర్త బతికున్నా అందులో ఆయనకు వాటా రాదు. ప్లాటు మాత్రం భర్త వారసుడైన మరిదికి పోతుంది. కన్నతల్లి వరుస ఆ తర్వాతే. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ఇంతే. నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. భర్త పోయాక పుట్టింట్లోనే బతికి సంపాదించిన ఆమె ఆస్తి కూడా భర్త వైపువాళ్లకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు చిక్కు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి దగ్గర వస్తుంది. నాన్న బతికుండగా దానపత్రం రిజిస్టర్ చేసి ఇస్తే అది వారసత్వం కింద లెక్కకు రాదు. పుట్టింటిదే అయినా ప్లాటు దారిలోనే మరిదికి పోతుంది. అందుకే ముందు దస్తావేజు తీసి, అది దానపత్రమా, నాన్న పోయాక జరిగిన భాగపంపిణీయా చూడాలి.