సీలింగ్‌కి చీరల పందిరి, అంటించే హుక్కులు: ప్యాకెట్ మీది రెండు కేజీల సంగతి

డ్రిల్ లేకుండా గోడకి అంటించే హుక్కులకి కింద తోక లాగితే జిగురు స్ట్రిప్ ఊడొస్తుంది, మరక పడదు, ఇవన్నీ ప్యాకెట్ మీద బొమ్మలతో సహా ఉంటాయి, వదిలేస్తున్నా. నా కోపమంతా దాని మీద రాసిన 'రెండు కేజీలు' అన్న ముక్క మీదే.

బెంగళూరులో అద్దిల్లు, డ్రిల్ పెడితే అడ్వాన్స్‌లో కోత (ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఎలాగూ పట్టుకుంటారు, అది వేరే గొడవ). పోయినేడు వరలక్ష్మీ వ్రతం పేరంటానికి హాల్లో జార్జెట్ చీరలు సీలింగ్‌కి కట్టాం, చీర మహా అయితే అరకేజీ, హుక్కేమో రెండు కేజీలది, ఇంకేం భయం అనుకున్నాం. తాంబూలాలు ఇచ్చే టైమ్‌కి మూల హుక్కు టప్పున ఊడి చీర పక్కింటావిడ నెత్తిన పడింది. దీపాలు దూరంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. తీసి చూస్తే జిగురు బానే ఉంది, దానికి రూపాయి బిళ్లంత డిస్టెంపర్ పొర అతుక్కుని ఉంది. "హుక్కు బానే పట్టుకుందమ్మా, గోడే వదిలేసింది" అన్నారు అత్తయ్య.

ఆ రెండు కేజీలు గోడకి నిలువుగా వేలాడే బరువుకి. సీలింగ్ నుంచి లాగితే అంచు దగ్గర మొదలై పొరలా లేచిపోతుంది. దానికి తోడు బట్టని బిగించి కట్టాం. పన్నెండడుగుల హాల్లో అరకేజీ బట్ట నడుమ ఒక అడుగు కిందకి జారనిస్తే ఒక్కో చివర లాగుడు ముప్పావు కేజీ, అదే రెండంగుళాలే జారేలా బిగిస్తే నాలుగున్నర కేజీలు. బట్ట బరువు మారలేదు, బిగింపే మారింది.

అప్పట్నుంచి ఇలా చేస్తున్నాం: కిటికీ వైపు చీరలు కర్టెన్ రాడ్ బ్రాకెట్లకే కడతాం, అవి ముందే స్క్రూలతో ఉన్నాయి. ఎదురుగా బెడ్రూమ్ తలుపు ఫ్రేమ్‌కి, హాలు వైపు కాదు, లోపలి వైపు పైన హుక్కులు, చీరకో హుక్కు. చీర కొసకి కట్టిన దారం ఫ్రేమ్ కింద నుంచి తిరిగి లోపలి హుక్కుకి ఎక్కుతుంది, అంటే లాగుడు కిందకే పడుతుంది, ప్యాకెట్ వాడు చెప్పిన దిక్కు అదే. పాలిష్ చేసిన చెక్క కాబట్టి స్పిరిట్‌తో తుడిచి, గంటాగి బరువు పెడితే చాలు. పందిరి విసనకర్రలా విచ్చుకుంటుంది, చూడ్డానికి ఇదే బాగుంది, ఇది అనుకోకుండా వచ్చిన లాభం. దసరాకి, సంక్రాంతికి కూడా నిలిచింది.

అంత బాగుందని కూడా అనను. తలుపు ఏడడుగులే, మా ఆయన తల ప్రతిసారీ చీరకి తగుల్తుంది. తలుపు మూయలేం. ఫ్యాన్ ఆపేసి స్విచ్ మీద టేప్ వేయాలి. ఆగస్టులో ఇక్కడ చల్లగానే ఉంటుంది, చెన్నైలో మా చెల్లికి చెప్తే "ఫ్యాన్ లేకుండా పేరంటమా, ఎవరొస్తారే" అంది.

మీది డిస్టెంపర్ అయితే ముందు అరచేత్తో రుద్ది చూడండి, చేతికి తెల్లగా అంటితే ఏ హుక్కూ కొనకండి. చెక్క ఫ్రేమ్ ఉంటే నేనైతే మళ్లీ ఇవే కొంటా, కానీ సీలింగ్‌కి మాత్రం కాదు.