హెచ్‌ఆర్‌వీ అమాంతం పెరిగితే నేనెందుకు నమ్మను

రెండేళ్లకు పైగా స్మార్ట్‌వాచీ చేతికి పెట్టుకునే పడుకుంటున్నాను. దాని బ్యాటరీ, స్క్రీన్ సంగతులు అందరూ రాసినవే. నేను చెప్పాలనుకున్నది పొద్దున్నే అది చూపించే హెచ్‌ఆర్‌వీ అంకె గురించి, అంటే గుండె బీట్ల మధ్య వ్యవధి ఎంత మారుతోందో చెప్పే అంకె. ఆ అంకె తగ్గితే చాలావరకు నమ్ముతాను. ఉన్నట్టుండి పెరిగితే మాత్రం నమ్మను.

గుండె ఒక బీట్‌కీ తర్వాతి బీట్‌కీ మధ్య తీసుకునే సమయం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒళ్లు బాగా విశ్రాంతిలో ఉంటే ఆ తేడా ఎక్కువ, ఏదైనా భారం పడితే తక్కువ. నా వాచీ దాన్ని నిద్రలో కొలిచి మిల్లీసెకన్లలో చూపిస్తుంది. నాకు మామూలుగా 40కి అటూ ఇటూ వస్తుంది. గుంటూరులో ఉండే మా తమ్ముడికి 70 వస్తుంది. వాడు నాకంటే గట్టివాడని దానర్థం కాదు. ఇది మనిషికీ మనిషికీ మారుతుంది, లెక్క కట్టే పద్ధతి కూడా కంపెనీకో రకం. ఎవరి అంకెను వాళ్ల పాత అంకెలతోనే పోల్చుకోవాలి.

మొదట్లో దీన్ని తెగ పొగిడాను. ఒకసారి వైరల్ జ్వరం బయటపడకముందే అంకె వరసగా రెండు రాత్రులు బాగా పడిపోయింది. దాంతో అందరికీ కొనమని చెప్పాను. తర్వాత చూస్తే, రాత్రి పదకొండింటికి పెళ్లి భోజనం చేసి పడుకున్నా అలాగే పడుతోంది. మే నెలలో కరెంటు పోయి ఉక్కలో దొర్లిన రాత్రీ అంతే. భారం ఉందని చెబుతుంది గానీ, ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు. పిక్క పట్టేసిన సంగతి దానికి అసలే తెలియదు.

అసలు విషయం పోయిన చలికాలంలో జరిగింది. ఆఫీసు లెక్కల ముగింపు పనులు, రాత్రి పూట కాఫీలు, సరిపోని నిద్ర. ఒక పొద్దున లేచేసరికి వాచీ 60 దగ్గర చూపిస్తోంది. పచ్చ రంగులో, పూర్తిగా కోలుకున్నారు, ఇవాళ గట్టిగా పరిగెత్తొచ్చని. ఒళ్లేమో బరువుగా ఉంది. కింద నిద్రలో గుండె వేగం చూశాను. ఎప్పుడూ 54 ఉండేది 60కి పెరిగింది. అక్కడే అనుమానం వచ్చింది. మామూలుగా ఈ రెండూ ఎదురెదురుగా నడుస్తాయి, హెచ్‌ఆర్‌వీ పెరిగితే గుండె వేగం తగ్గాలి.

బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు పరుగు మానేసి, మంచం మీదే కూర్చుని మణికట్టు దగ్గర నాడి పట్టుకున్నాను. బాగానే కొట్టుకుంటూ, మధ్యలో ఒకటి తొందరగా వచ్చి, ఆ తర్వాత కాసేపు ఖాళీ. మళ్లీ మామూలు. కాసేపటికి మళ్లీ అదే. డాక్టరు గారు ఈసీజీ, ఎకో, 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయించి, అప్పుడప్పుడు అదనపు బీట్లు పడుతున్నాయని, నా విషయంలో భయపడాల్సింది లేదని, ముందు నిద్ర, కాఫీ సంగతి చూసుకోమని చెప్పారు.

ఒక్క బీట్‌తో అంకె అంత మారుతుందా అని కాగితం మీద వేసి చూశాను. చాలా వాచీలు వాడే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అనే లెక్కలో పక్కపక్క వ్యవధుల తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడతారు. ఐదు నిమిషాల్లో 300 బీట్లు, ఒక్కో తేడా 40 అనుకుందాం. వర్గాల మొత్తం 4,80,000. ఇప్పుడు ఒక బీట్ 1000 బదులు 700 మిల్లీసెకన్లకే వచ్చి, తర్వాతిది 1300కి వచ్చిందనుకోండి. తేడాలు 300, 600, 300. ఈ మూడింటి వర్గాలే 5,40,000! ఫలితం 40 నుంచి 58కి పోతుంది. మిగతా బీట్లన్నీ మామూలుగా ఉన్నా సరే.

ఇలాంటి బీట్లను సాఫ్ట్‌వేర్ ఏరి పక్కన పెట్టాలి. పెడుతుంది కూడా, కానీ అన్నిసార్లూ పట్టుకోలేదు. మణికట్టు మీద వెలుతురుతో కొలిచేటప్పుడు స్ట్రాప్ వదులైనా బీట్లు తప్పి ఇదే తంతు జరుగుతుంది. నా కోపమల్లా ఒకటే: ఆ రాత్రి ఎన్ని బీట్లు అనుమానంగా ఉన్నాయో వాచీ ఎక్కడా చూపించలేదు, సరాసరి పచ్చ రంగు పూసేసింది. నాడి అసలు క్రమమే లేకుండా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోనూ ఈ అంకె పెద్దదిగానే రావచ్చు. అలాంటప్పుడు పచ్చ రంగు చూసి పరిగెత్తడం ప్రమాదం.

అయినా వాచీ తీసెయ్యలేదు. నేను రోజూ ఒకే వేళకు పడుకుంటాను, గుండె మాత్రలేవీ వాడను కాబట్టి వారం సగటు కిందికి జారుతుంటే పరుగు తగ్గించడానికి నాకు పనికొస్తోంది. నైట్ షిఫ్టుల వాళ్లకు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు ఇంత పనికొస్తుందని చెప్పలేను. ఈసారి వాచీ మార్చాల్సి వస్తే మాత్రం, బీట్ల మధ్య వ్యవధుల డేటా బయటికి తీసుకోనిస్తుందా లేదా అన్నది ముందు కనుక్కున్నాకే డబ్బు కడతాను.