ఆరు బూడిద గడులు: కలర్ చార్ట్ వాడకం మీద నా మాట

ఫోటోలో రంగులు సరిగా వచ్చాయో లేదో పోల్చి చూడ్డానికి పెట్టే 24 గడుల కలర్ చార్ట్ ఎలా ఉంటుందో ఫోటోలు తీసేవాళ్లందరికీ తెలుసు. 1976 నుంచి అదే అమరిక. పైన మూడు వరుసల్లో రంగులు, అడుగున తెలుపు నుంచి నలుపు దాకా ఆరు గడులు. వెల, కొలతలు, ఏ కంపెనీది మంచిది అన్న విషయాల్లోకి నేను వెళ్లను. చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నాకు బాగా నచ్చిన ఒక్క సంగతి చెబుతాను. ఆ అడుగు వరుస లేకపోతే ఒడిశాలోని బరంపురంలో మా పట్టుచీరల కేటలాగ్ ఈపాటికి పరువు పోగొట్టుకునేది.

మా బాబాయి దుకాణంలో ఆన్‌లైన్ అమ్మకాలు నేను చూసుకుంటాను. ఫోటోలు ఇక్కడే, ఒకే గదిలో, ఒకే లైట్ల కింద తీయిస్తాం. ఎడిటింగ్ మాత్రం బయటి స్టూడియోకి ఇస్తాం. తిరిగొచ్చిన ఫోటోలు నేను చూసి సరే అన్నాకే సైట్‌లో పెడతారు. గంజాం వైపు చీరలు కొనేవాళ్లకి గుడి శిఖరాల్లాంటి కుంభ అంచు ఉండే బరంపురం పట్టు కొత్త కాదు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టగా చూసినవాళ్లే. విశాఖపట్నం నుంచో హైదరాబాద్ నుంచో ఆర్డర్ చేసినా, పెట్టె విప్పగానే రంగు తేడాని ఇట్టే పట్టేస్తారు. చీర వెనక్కి వస్తే రానూపోనూ ఖర్చు మాదే. మడత విప్పిన పట్టుని మళ్లీ కొత్తదిలా అమ్మడం కూడా కష్టం.

ఇంతకుముందు అందరిలాగే ఒక్క బూడిద రంగు కార్డు పెట్టి తీసేవాళ్లం. ఎడిటింగ్‌లో ఆ కార్డు మీద నొక్కితే వైట్ బ్యాలెన్స్ కుదిరేది. అంతవరకు దాన్ని తప్పు పట్టలేం. కాకపోతే అది ఒక్క వెలుగు స్థాయి గురించే చెబుతుంది. ఫోటోలో బాగా వెలుగున్న చోట, బాగా చీకటిగా ఉన్న చోట రంగు ఎటు వాలిందో దానికి తెలియదు. ఈ తేడా నాకు ఒక్క లాట్‌తో బోధపడింది.

ఆ లాట్‌లో మీగడ రంగు ఒంటికి ముదురాకుపచ్చ అంచున్న చీరలు ఉన్నాయి. ఎడిటింగ్ అయి వచ్చిన ఫోటోలు చూడ్డానికి చాలా బాగున్నాయి. బాబాయి ఫోన్‌లో చూసి, "ఈసారి కళ వచ్చిందమ్మా, పెట్టేయ్" అన్నారు. కానీ ఆ చీర నేసిన తాత దుకాణానికి వచ్చినప్పుడు అదే ఫోటో చూపిస్తే, కాసేపు దగ్గరగా పెట్టుకుని చూసి, "అంచు నాది కాదమ్మా. నేను వేసింది ఆకుపచ్చ, ఇది నెమలికంఠం" అన్నాడు. చీర తెచ్చి పక్కన పెడితే ఆయన చెప్పినట్టే ఉంది. ఒంటి రంగు కూడా మీగడలా కాక పసుపు పూసినట్టుంది.

స్టూడియో వాళ్లని అడిగితే వైట్ బ్యాలెన్స్ కుదిరే ఉందన్నారు. ఆ మాట నిజమే. అయితే అప్పటికే నేను లాట్ మొదట్లో ఒక ఫోటో చార్ట్ పెట్టి తీయించడం మొదలుపెట్టాను. ఆ ఫోటోకి కూడా చీరలకి చేసిన ఎడిటింగే చేసి పంపమన్నాను. వచ్చాక ఒక్కో బూడిద గడి మీద, పెట్టిన చోట రంగుని అంకెల్లో చెప్పే కలర్ పికర్ పెట్టి అంకెలు రాసుకున్నాను. ఒక్క పిక్సెల్ చదివితే ఫోటోలోని గరుకు వల్ల అంకె ఊగుతుంది, అందుకని 5×5 పిక్సెళ్ల సగటు పెట్టుకోవాలి.

ఫైలు తెరలకి మామూలుగా వాడే sRGB రంగుల పద్ధతిలో ఉంటే, 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు అనే లెక్కన ఆ ఆరు గడుల విలువలు తెలుపు నుంచి నలుపుకి సుమారు 243, 200, 160, 122, 85, 52 ఉండాలి. ప్రతి గడిలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ దాదాపు సమానంగా ఉండాలి. నా ఫైల్లో 122 ఉండాల్సిన నడిమి గడిలో 123, 122, 121 వచ్చింది. వంక పెట్టలేం. తెల్ల గడిలో మాత్రం 246, 241, 229. ఎరుపు ఎక్కువై నీలం తగ్గింది, అంటే వెలుగున్న చోటంతా పసుపు. 85 ఉండాల్సిన ముదురు గడిలో 77, 85, 93. అక్కడ నీలం ఎక్కింది. వెలుగుకి వెచ్చదనం, నీడకి నీలం కలిపే సినిమా తరహా గ్రేడింగ్ వేశారన్నమాట. నడిమి గడి మాత్రం రెండింటికీ మధ్య ఉండి మామూలుగానే కనిపించింది. పాత పద్ధతిలో ఒక్క కార్డే ఉంటే ఆ ఫోటోలు సరైనవేనని తేలేది.

ఈ చార్ట్‌లో నాకు నచ్చింది ఇదే. నా మానిటర్ పాతదైనా, బాబాయి ఫోన్‌లో రంగులు ముదురుగా కనిపించినా ఆ అంకెలు మారవు. "నాకు పచ్చగా కనిపిస్తోంది", "నాకు కనిపించట్లేదు" అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. అంకెలు పంపాక ఆ స్టూడియో కూడా మారు మాట్లాడకుండా గ్రేడింగ్ తీసేసి పంపింది.

ఆ అంకెలు ఉన్నవి ఉన్నట్టు రావాలని నేను పట్టుబట్టను. ఫోటోని కాస్త వెలుగు పెంచి ఇస్తే 122 కాస్తా 135 అవుతుంది, అందులో తప్పు లేదు. నేను చూసేది రెండే. ఒకటి, ప్రతి గడిలోనూ మూడు అంకెలు దగ్గరగా ఉన్నాయా. మూడు నాలుగు తేడా ఉంటే వదిలేస్తాను. లేత గడుల్లో అంతకు మించితే తెల్లటి నేపథ్యం మీద కంటికే తెలిసిపోతుంది. రెండోది, గడికీ గడికీ మధ్య దూరం. కాంట్రాస్ట్ బాగా పెంచితే 85 కాస్తా అరవైకి, 52 పాతికకి పడిపోతుంది. అలాంటి ఫైల్లో ముదురు మెరూన్ చీర కుచ్చిళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లటి పట్టీలా కనిపిస్తాయి.

చార్ట్ ఉన్నది లాట్‌కి ఒక్క ఫోటోలోనే కదా, మిగతావి ఒకేలా ఉన్నాయని ఎలా చెప్పాలి? దానికి నేపథ్యం కాగితం ఉంది. మేం వాడేది లేత బూడిద రంగు కాగితం. ప్రతి ఫోటోలో ఒకే మూల, చీర రంగు పడని చోట, పికర్ పెట్టి చూస్తాను. ఒక ఫోటోలో 226, 226, 225 ఉండి తర్వాతదాంట్లో 232, 227, 219 ఉంటే దాన్ని విడిగా ముట్టుకున్నారని అర్థం. ఆ తర్వాత లాట్ అంతా చిన్న బొమ్మలుగా ఒకే తెరమీద పరిచి చూస్తాను. ఒక్కో ఫోటో విడిగా చూసినప్పుడు బయటపడని తేడా పక్కపక్కన పెట్టగానే తెలుస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక చెప్పక తప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. బూడిద గడులకి రంగే లేదు. అందుకే రంగుల గాఢత ఎంత పెంచినా వాటిలో మార్పు కనిపించదు. తర్వాతెప్పుడో ఒక లాట్‌లో ఆరు గడులూ చక్కగా ఉన్నాయి, రాణీ గులాబీ చీర మాత్రం ప్లాస్టిక్ కాగితంలా మెరిసింది. పై వరుసల్లోని ఎర్ర గడి చూస్తే సంగతి తెలిసింది. సుమారు 175, 54, 60 ఉండాల్సింది 198, 36, 46 ఉంది. గాఢత పెంచారు. చీరలో ఎరుపు చానెల్ చాలా చోట్ల 255కి వెళ్లి ఆగిపోయింది. పట్టు మెరుపు, మడత నీడ అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. అప్పటినుంచి అడుగు వరుసతో పాటు ఎర్ర గడి, నీలం గడి కూడా చూస్తున్నాను. అయితే మామూలు రాణీ రంగు కూడా కొన్నిసార్లు sRGBలో పూర్తిగా ఇమడదు. అలాంటప్పుడు గాఢత కాస్త తగ్గించి మడతలు కనిపించేలా ఇవ్వమంటాను. రంగు రవ్వంత తక్కువ కనిపించినా పట్టు పట్టులా కనిపించడమే నాకు ముఖ్యం.

చీర వరకు మాత్రమే మాస్క్ చేసి రంగు మారిస్తే చార్ట్ దాన్ని అసలే పట్టలేదు. రీటచింగ్ కూడా అంతే. ముడతలు తీస్తామని నేతని నున్నగా చేసేస్తే చార్ట్‌కేం తెలుస్తుంది? దానికి 100 శాతం పెద్దది చేసి చూడ్డమే దారి. పేక దారం కనిపిస్తోందా, జరీ అంచు గరుకుగా ఉందా, కుంభాల కొనలు మొద్దుబారాయా, ఒకే ముడి రెండు చోట్ల అచ్చుగుద్దినట్టు వచ్చిందా అని కొంగు దగ్గర, అంచు దగ్గర చూస్తాను. ముడతలన్నీ పోయిన పట్టు నాకు నమ్మబుద్ధి కాదు. మడత గీత లీలగా మిగలాలి, నేతలోని పోగు ముడి ఉన్నచోటే ఉండాలి. మచ్చ, దుమ్ము, పిన్ను గుర్తు తీసేస్తే చాలు.

ఇక పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీరలు ఉన్నాయి. ఎరుపు పడుగులో నీలం పేక పడితే ఒక వైపు నుంచి వంకాయ రంగు, మరో వైపు నుంచి నెత్తురు ఎరుపు కనిపిస్తుంది. చార్ట్ గడి ఏ వైపు నుంచి చూసినా ఒకే రంగు. అందుకే చార్ట్ అంకెలన్నీ కుదిరినా అలాంటి చీరకి ఒక్క ఫోటో ఎప్పుడూ సరిపోదు. రెండు కోణాల్లో తీయించి రెండూ పెడుతున్నాం, రంగు మారుతుందని కింద రాస్తున్నాం. ఈ చీరల విషయంలో చార్ట్ కన్నా నేసినవాళ్ల కన్నే నాకు ఆధారం.

వాడకంలో చిన్న జాగ్రత్తలు కొన్ని. చార్ట్ మీద లైటు మెరుపు పడితే ముదురు గడులు తేలిపోయి అంకెలు తప్పుతాయి, అందుకే దాన్ని కొద్దిగా వంచి పెట్టాలి. చేతి జిడ్డు తగలకూడదు. రంగులు కొన్నేళ్లకి వెలిసిపోతాయి, రెండేళ్లకోసారి మార్చమంటారు. మేం వాడనప్పుడు కవరులోనే ఉంచుతాం కాబట్టి ఇంకొంత కాలం నెట్టుకొస్తున్నాం. మార్చాలో వద్దో తేల్చడానికి కొత్తది దొరికిన రోజు రెండూ పక్కన పెట్టి తీయాలని ఉంది.

కొనాలా అని అడిగితే, అది మీరు అమ్మే సరుకుని బట్టి ఉంటుంది. స్టీలు గిన్నెలో చెక్క బొమ్మలో అమ్మేవాళ్లకి, ఎడిటింగ్ సొంతంగా చేసుకునేవాళ్లకి ఒక్క బూడిద కార్డు సరిపోవచ్చు. మాలా రంగు కోసమే కొనే సరుకుండి, ఎడిటింగ్ వేరేవాళ్ల చేతిలో ఉంటే మాత్రం కొనమనే అంటాను. ఒక్క షరతు. చార్ట్ ఉన్న ఫోటోకి కూడా అదే ఎడిటింగ్ చేసి తిరిగివ్వడానికి స్టూడియో ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్లకి పని ఇవ్వడం మేం మానేశాం.