రిస్ట్రిక్టెడ్ ఫోల్డర్ యాక్సెస్ కోసం ఐటీకి రాసే లెటర్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ప్రాజెక్టు మారినప్పుడల్లా ఐటీ వాళ్లకి ఒక లెటర్ పెట్టాల్సి వస్తుంది. కొన్నేళ్లుగా నేను ఒకే నమూనా వాడుతున్నాను. మా ఆఫీసులో విండోస్ సర్వర్ మీద షేర్ చేసిన ఫోల్డర్లే ఉంటాయి కాబట్టి ఈ అనుభవం వాటికి సంబంధించినదే. ఒక ఉదాహరణ ఇలా ఉంటుంది (సర్వర్, ఫోల్డర్ పేర్లు మార్చాను):

"ఐటీ విభాగానికి, నమస్కారం. ఈ నెల నుంచి నేను ఎస్టిమేట్ల పని చూస్తున్నాను. `\\FS02\Projects\Bridge\Estimates` ఫోల్డర్ తెరిస్తే `Access is denied` అని వస్తోంది. అందులోని ఎక్సెల్ ఫైళ్లను మార్చి సేవ్ చేయాలి. ఫోల్డర్ బాధ్యత చూసే ప్రాజెక్ట్ మేనేజర్ గారి అనుమతి మెయిల్ జతచేశాను. మార్చి నెలాఖరు వరకు యాక్సెస్ ఉంటే చాలు. ఇదే ప్రాజెక్టులోని మిగతా ఫోల్డర్లు నాకు అవసరం లేదు."

ఇంతే. ఇందులో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఆ పూర్తి పాత్. చాలామంది "పి డ్రైవ్‌లో ఉన్న ప్రాజెక్ట్ ఫోల్డర్" అని రాస్తారు. కానీ ఆ అక్షరం మన కంప్యూటర్‌కి తగిలించిన పేరు మాత్రమే, ఐటీ వాళ్ల దగ్గర అదే అక్షరం వేరే చోటికి వెళ్లవచ్చు. దాంతో "ఏ ఫోల్డర్ అండీ?" అని తిరుగు మెయిల్ వస్తుంది, ఒక పూట పోతుంది. అసలు పాత్ కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే చాలు:

```
net use
```

డ్రైవ్ అక్షరం పక్కనే సర్వర్ పేరుతో సహా కనిపిస్తుంది. దానికి లోపలి ఫోల్డర్ పేరు కలిపి రాయాలి.

రెండోది, ఏ స్థాయి యాక్సెస్ కావాలో నేను పేరు పెట్టి అడగను, చేయాల్సిన పని రాస్తాను. చూస్తే చాలా, మార్చాలా అన్నదే అసలు ప్రశ్న. మార్చడానికి రైట్, అంటే రాసే హక్కు, ఒక్కటి సరిపోతుందని అనిపిస్తుంది గానీ, ఎక్సెల్ సేవ్ చేసేటప్పుడు ముందు ఒక తాత్కాలిక ఫైలు సృష్టించి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. డిలీట్ చేసే హక్కు లేకపోతే ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ దగ్గర ఎర్రర్ వస్తుంది. అందుకే మాడిఫై అనే స్థాయి ఇస్తారు. అది చేతికి వచ్చాక పొరపాటున ఫైళ్లు చెరిపేసే అవకాశం కూడా వస్తుంది. చూడటమే పని అయితే "చదివితే చాలు" అని రాయడం మనకే క్షేమం.

అనుమతి మెయిల్ జతచేయడం మూడోది. మేనేజర్ గారిని సీసీలో పెడితే సరిపోతుందని మా సీనియర్ ఒకాయన వాదించేవారు. సరిపోదు. సీసీలో ఉన్నంత మాత్రాన ఆయన ఒప్పుకున్నట్టు కాదు. ఫోల్డర్ ఐటీ సర్వర్‌లో ఉన్నా, అందులోని సమాచారం ఎవరు చూడొచ్చో చెప్పాల్సింది ప్రాజెక్టు వాళ్లు. "ఓకే, ఇవ్వండి" అని ఆయన రాసిన ఒక్క లైను చాలు.

ఇక నాకు అస్సలు నచ్చని వాక్యం, "నా పక్క సీటు ఆయనకి ఉన్నట్టే నాకూ ఇవ్వండి". రాయడం తేలికే. ఆయన ఎన్ని ప్రాజెక్టుల్లో పనిచేశారో, ఎన్ని పాత గ్రూపుల్లో పేరు ఉండిపోయిందో ఎవరికి తెలుసు? అదంతా మనకీ వచ్చేస్తుంది. జాగ్రత్త ఉన్న ఐటీ వాళ్లు ఆ వాక్యం చూడగానే లెటర్ వెనక్కి పంపుతారు, పంపాలి కూడా.

లెటర్ ఎంత బాగా రాసినా తప్పని టెన్షన్ ఒకటుంది. "యాక్సెస్ ఇచ్చాం" అని జవాబు వస్తుంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. సాధారణంగా ఐటీ వాళ్లు మనల్ని ఒక సెక్యూరిటీ గ్రూపులో చేరుస్తారు. మనం ఏ గ్రూపుల్లో ఉన్నామన్నది కంప్యూటర్ లాగిన్ సమయంలో తీసుకుంటుంది, మధ్యలో చేర్చినది దానికి తెలియదు. సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఆ తర్వాత

```
whoami /groups
```

అని కొడితే కొత్త గ్రూపు పేరు జాబితాలో కనిపించాలి. కనిపించకపోతే ఇంకా చేర్చలేదనో, ఆ మార్పు మన కంప్యూటర్‌ దాకా రాలేదనో అర్థం. కనిపించినా ఫోల్డర్ తెరుచుకోకపోతే సమస్య ఫోల్డర్ పర్మిషన్ల దగ్గర ఉంది. ఏదైనా గ్రూపు ద్వారా మనకి డినై, అంటే నిరాకరణ, పెట్టి ఉండవచ్చు, లేదా షేర్ స్థాయిలో మనకి అనుమతే ఇచ్చి ఉండకపోవచ్చు. ఈ ఫలితాన్ని స్క్రీన్‌షాట్‌తో పంపితే రెండో మెయిల్‌కే పని తేలిపోతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఇది ఇంకొంచెం ఇబ్బంది, వీపీఎన్ కలవకముందే లాగిన్ అయిపోతారు కదా. వీపీఎన్ కలిపాక కంప్యూటర్‌ని లాక్ చేసి, పాస్‌వర్డ్ ఇచ్చి తెరిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఈ నమూనాలో నాకు మిగిలిన అసంతృప్తి గడువు తేదీ. నేను రాస్తాను, వాళ్లు చదువుతారు, నెలాఖరు దాటినా ఫోల్డర్ తెరుచుకుంటూనే ఉంటుంది. గ్రూపులో గడువు పెట్టే ఏర్పాటు లేని చోట ఆ తేదీ లెటర్‌లోనే ఉండిపోతుంది. అందుకే పని అయ్యాక "ఇక నన్ను తీసేయండి" అని అదే టికెట్ నంబరు మీద ఇంకో లైను పంపుతున్నాను.